పదునాలుగున్నర గుణాలు : ఒక దైవజ్ఞుని లేఖ

జాతకాలు కలిశాయని చెప్పడానికి దైవజ్ఞునికి ఒక్క మాట చాలు. కలవలేదని చెప్పవలసి వచ్చినప్పుడే అతని విద్యకూ, శీలానికీ పరీక్ష. ఆ సమయంలో సాధారణంగా రెండు సులభమార్గాలు కనబడతాయి. "కుదరదు, వదిలేయండి" అని కారణం చెప్పకుండా త్రోసివేయడం మొదటిది. ఎక్కడో ఒక పరిహారవచనం వెదికి, అంకెను పెంచి, "శాంతి చేయించి కానివ్వండి" అనడం రెండవది. మొదటిది భయపెడుతుంది, రెండవది మభ్యపెడుతుంది. ఈ రెంటికీ లోబడకుండా వ్రాసిన ఒక లేఖ ఇటీవల నా కంటబడింది. కన్య తండ్రిగారి అనుమతితో, ఊళ్ళూ పేర్లూ తొలగించి, దానిని ఇక్కడ ఉంచుతున్నాను. పొంతన బాగాలేదని నిజం చెప్పి, నిర్ణయాన్ని వధూవరులకే విడిచిపెట్టడం శాస్త్రసమ్మతమనీ, దైవజ్ఞుని ధర్మం కూడా అదేననీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఈ లేఖయే ఆధారం.

లేఖకు ముందు సందర్భం చెప్పాలి. అమ్మాయిది స్వాతి నక్షత్రం, తులారాశి. అబ్బాయిది రోహిణి, వృషభరాశి. ఇద్దరూ ఒకే నగరంలో ఉద్యోగం చేస్తున్నారు, మూడేళ్ళుగా ఒకరినొకరు ఎరిగినవారు. గోత్రాలు వేరు, ఇరు కుటుంబాలకూ సంబంధం ఇష్టమే. అయితే సెల్‌ఫోనులో చూస్తే ముప్పైయారింటికి పదునాలుగున్నర గుణాలు వచ్చాయి. ఊరిలో అడిగితే ఒక పండితుడు ఇరవైఒకటిన్నర అన్నాడు. అవే జాతకాలకు రెండు లెక్కలు ఎలా వస్తాయని తండ్రిగారికి కలవరం. అందుకని తమకు తెలిసిన ఒక వృద్ధ దైవజ్ఞునికి రెండు జాతకచక్రాలూ పంపి, "చేయమంటారా, మానమంటారా, ఒక్క మాటలో సెలవియ్యండి" అని వ్రాశారు.

పాఠకులలో కొందరికి ఈ గణన పరిచయం లేకపోవచ్చు. వర్ణం, వశ్యం, తార, యోని, గ్రహమైత్రి, గణం, రాశి, నాడి అనే ఎనిమిది కూటములకు వరుసగా ఒకటి మొదలు ఎనిమిది వరకు గుణాలు ఉంటాయి. మొత్తం 36. అందులో సగమైన 18 దాటితే పొంతన ఉన్నదని వ్యవహారం. 1600 ప్రాంతంలో కాశీలో రామదైవజ్ఞుడు రచించిన ముహూర్త చింతామణి వివాహప్రకరణంలో ఈ ఎనిమిది కూటముల విచారణ ఉన్నది. నేడు పంచాంగాలలోనూ, యంత్రాలలోనూ కనబడే పట్టికలకు మూలం ఈ సంప్రదాయమే.

ఇక లేఖ.

శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు.

మహారాజశ్రీ కన్య తండ్రిగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి.

మీరు పంపిన జాతకములు రెండూ మూడు దినములు దగ్గర ఉంచుకొని పరిశీలించితిని. మీరు ఒక్క మాట అడిగితిరి. ఒక్క మాటలో చెప్పదగినది మొదట చెప్పెదను: అష్టకూట పద్ధతిలో ఈ పొంతన బలహీనమైనది. గుణములు పదునాలుగున్నర. ఈ మాటను మెత్తపరచి వ్రాయుట నాకు ఇష్టము లేదు. కాని ఆ అంకెలో ఏమున్నదో, ఏమి లేదో తెలియక దానిని ఆజ్ఞగా తీసుకొనుట కూడ ఉచితము కాదు. కావున వివరముగా వ్రాయుచున్నాను.

మొదట నక్షత్రములు సరియైనవా అని చూచితిని. జననకాలము నక్షత్రసంధిలో ఉన్నచో దృక్సిద్ధ పంచాంగమునకు ఒక నక్షత్రము, పూర్వపద్ధతి పంచాంగమునకు మరియొక నక్షత్రము రావచ్చును. ఇచ్చట ఆ సందేహము లేదు. అమ్మాయిది స్వాతి తృతీయపాదము, అబ్బాయిది రోహిణి ద్వితీయపాదము. రెండూ నక్షత్రమధ్యమున ఉన్నవి. ఆసుపత్రి కాగితములోని సమయము అరగంట అటునిటు అయినను నక్షత్రము మారదు.

గుణముల పంపకము ఇది. వర్ణమునకు 1, వశ్యమునకు 1. తారాకూటమున అమ్మాయి నక్షత్రము నుండి అబ్బాయి నక్షత్రము పదునేడవది. తొమ్మిదిచే భాగింపగా శేషము ఎనిమిది, అది మిత్రతార. అబ్బాయి నుండి లెక్కింపగా పండ్రెండవది. శేషము మూడు, అది విపత్తార. ఒకవైపు శుభము, ఒకవైపు అశుభము కనుక మూడింట సగము, ఒకటిన్నర. రోహిణిది సర్పయోని, స్వాతిది మహిషయోని, నాలుగింట 1. రెండు రాశులకును శుక్రుడే అధిపతి కావున గ్రహమైత్రి సంపూర్ణము, 5. అమ్మాయిది దేవగణము, అబ్బాయిది మనుష్యగణము, ఆరింట 5. రాశికూటమునకు 0. నాడీకూటమునకు 0. మొత్తము పదునాలుగున్నర. గణమునకును, వశ్యమునకును గ్రంథభేదముచే ఒక గుణము అటునిటు చెప్పువారు కలరు. దానివలన ఫలితము మారదు, పదునెనిమిదికి చేరదు.

ఇరవైఒకటిన్నర అని చెప్పిన పండితుడు అసత్యము చెప్పలేదు, కాని ఒక మెట్టు దాటివేసినాడు. తుల నుండి వృషభము ఎనిమిదవది, వృషభము నుండి తుల ఆరవది. దీనిని షష్ఠాష్టకము అందురు. రాశ్యధిపతుల వైరమే ఈ దోషమునకు బలము. ఇద్దరి రాశులకును అధిపతి ఒక్కడే అయినప్పుడు ఈ దోషము బాధింపదని శాస్త్రకారులు మినహాయింపు చెప్పిరి. ఈ మినహాయింపు మీ పిల్లలకు నిజముగా వర్తించును. అందుచేత షష్ఠాష్టకమును గూర్చి మీరు భయపడ పనిలేదు. అయితే దోషము తొలగుట వేరు, గుణము కలుగుట వేరు. తొలగిన దోషమునకు ఏడు గుణములు కలిపి పదునాలుగున్నరను ఇరవైఒకటిన్నర చేయుట నాకు సమ్మతము కాదు. అప్పు తీరినవానిని ధనవంతుడనలేము కదా.

నాడి విషయము వేరు. ఇద్దరిదీ అంత్యనాడి. ఒకే రాశిలో రెండు నక్షత్రములైనను, ఒకే నక్షత్రము రెండు రాశులలో పడినను, ఒకే నక్షత్రమున పాదములు వేరైనను ఏకనాడికి మినహాయింపు చెప్పుదురు. ఈ మూడింటిలో ఏదియు ఇచ్చట లేదు. కావున ఈ దోషము ఉన్నదనియే వ్రాయుచున్నాను. సంప్రదాయము దీనిని సంతానమునకును, ఆరోగ్యమునకును ముడిపెట్టును. అయితే మీరు ఒక లెక్క గమనింపవలెను. ఇరువదియేడు నక్షత్రములు మూడు నాడులకు తొమ్మిదేసి చొప్పున పంచబడినవి. కావున ఏ ఇద్దరిని తీసుకొన్నను, మూడింట ఒక జంట ఏకనాడియే అగును. మన ఊరిలో సంతానముతో, ఆరోగ్యముతో ఉన్న దంపతులలో కూడ అట్టివారు ఎందరో ఉందురు. ఇది జాగ్రత్తపడుమని చెప్పు సూచన. ఇట్లే జరుగునని చెప్పుటకు నాకు అధికారము లేదు. నాడి అనగా రక్తవర్గమని కొందరు చెప్పుచున్నారు, అది నిజము కాదు. నాడి జన్మకాలమున చంద్రుడున్న నక్షత్రమును బట్టి వచ్చును. ఒక్క తల్లి బిడ్డలకే వేర్వేరు నాడులుండును. సంతానమును గూర్చి మీకు శంక ఉన్నచో ఇద్దరును వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. తలసీమియా, సికిల్‌సెల్ వంటి రక్తదోషములకు తల్లిదండ్రులిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు ఆ వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. దానిని పరీక్ష చెప్పగలదు, నా పంచాంగము చెప్పలేదు.

కూటములు చంద్రుని బట్టియే వచ్చును కనుక జాతకచక్రములను వేరుగా చూచితిని. అమ్మాయిది కర్కాటక లగ్నము. సప్తమాధిపతి శని లాభస్థానమున ఉన్నాడు, ఇది మంచిది. అబ్బాయిది సింహలగ్నము, సప్తమాధిపతి శని అష్టమమున ఉన్నాడు. వివాహజీవితమున తొలినాళ్ళలో ఓర్పు అవసరమగునని దీనికి చెప్పుదురు. అయితే సప్తమమున గురువున్నాడు, అది ఆ స్థానమునకు రక్ష. కుజుని వలన ఇద్దరికిని చెప్పదగిన దోషము లేదు. మొత్తము మీద చక్రములు కూటములకంటె మెరుగుగా ఉన్నవి; అత్యుత్తమములని చెప్పలేను.

ఇక నా అభిప్రాయము. పెద్దలు కుదుర్చు క్రొత్త సంబంధమై, పిల్లలు ఒకరినొకరు ఎరుగని పక్షమున, మరియొకటి చూడుడని చెప్పియుందును. పదిమందిలో ఒకరిని ఎంచుకొనునప్పుడు ఈ జల్లెడ పనికివచ్చును. కాని ఇచ్చట ఎంపిక జరిగిపోయినది. మూడేండ్లుగా ఒకరి స్వభావము ఒకరు చూచినవారికి, గణము స్వభావమును గూర్చి చెప్పునదానికంటె ఎక్కువ తెలియును. కావున మానుడని నేను చెప్పను. చేయుడనియు చెప్పను. ఈ లేఖను మీరిద్దరు దంపతులు చదివిన పిమ్మట అమ్మాయికిని, అబ్బాయికిని యథాతథముగా ఇండు. వారు కలిసి చదువవలెను. ఎక్కడ నివసింతురు, ఇరువైపుల తల్లిదండ్రులను ఎట్లు చూచుకొందురు, సంతానము ఆలస్యమైనచో లేక కలుగనిచో ఏమి చేయుదురు, ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకొనవలెను. పిమ్మట వారు ఏ నిర్ణయము చెప్పినను అది నిర్ణయమే.

ఒక మాట మరువకుడు. పైన చెప్పిన దోషము ఇద్దరి నక్షత్రముల కలయికలోనిది. స్వాతిలో పుట్టుట దోషము కాదు, రోహిణిలో పుట్టుటయు దోషము కాదు. రేపు వివాహము జరిగి, ఏదైన కష్టము వచ్చినచో, ఈ లేఖను చూపి మీ అమ్మాయిని గాని, ఆ అబ్బాయిని గాని ఎవరును తప్పుపట్టకూడదు.

వివాహము నిశ్చయమైనచో మంచి ముహూర్తము చూచి ఇత్తును. నాడీదోషమునకు ప్రత్యేక శాంతి చేయించినగాని వివాహము చేయరాదను నియమము నేను పెట్టను. మీకు మనశ్శాంతి కావలెనన్నచో ఇంటిలో నవగ్రహపూజ చేసికొనుడు. దానివలన గుణములు పెరుగవు, మనస్సు కుదుటపడును.

ఇట్లు, భవదీయుడు.

లేఖ ఇంతే. దీనిని నేను పలుమార్లు చదివాను. ఇందులో మెచ్చదగినది మృదుత్వమని కొందరికి తోచవచ్చు. నాకు తోచినది వేరు. ఈ దైవజ్ఞుడు నాలుగు విషయాలను ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడదీశాడు: లెక్క ఏమి చెప్పింది, సంప్రదాయం ఆ లెక్కకు ఏ అర్థం చెప్పింది, తన సొంత అభిప్రాయం ఏమిటి, తన విద్యకు అందనిది ఏది. సామాన్యంగా మనకు అందే ఫలితవాక్యాలలో ఈ నాలుగూ ముద్దగా ఉంటాయి. "నాడీదోషం ఉంది, సంతానం ఉండదు" అన్నప్పుడు మొదటి సగం లెక్క, రెండవ సగం ఊహ. వినేవారికి రెండూ శాస్త్రంగానే వినబడతాయి. తండ్రి భయపడేది రెండవ సగానికే.

మూడింట ఒక జంట ఏకనాడి అవుతుందన్న మాటను మరికొంత దూరం తీసుకువెళ్ళవచ్చు. రాశికూటంలో ద్విద్వాదశం, నవపంచమం, షష్ఠాష్టకం అనే మూడింటికీ సున్నాయే. ఒక రాశి నుండి లెక్కిస్తే 2, 5, 6, 8, 9, 12 స్థానాలు ఇందులో పడతాయి. పన్నెండింటిలో ఆరు. అంటే రాశికూటంలో సున్నా రావడం సగం జంటలకు సహజం. ఈ రెండు కూటములకే 36 లో 15 గుణాలు ఉన్నాయి. కాబట్టి పద్ధతి నిర్మాణమే అనేక జంటలను తక్కువ అంకెలోకి నెడుతుంది. తక్కువ అంకె వచ్చినవారు తమకేదో అరుదైన విపత్తు పట్టుకొన్నదని అనుకోనక్కరలేదు. అంతమాత్రాన కూటములు నిరర్థకాలని నేను అనడం లేదు. జల్లెడ కన్నాలు ఎంత ఉన్నాయో తెలిసినవాడే జల్లెడను సరిగా వాడగలడని చెబుతున్నాను.

మరొక పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. ఒక నక్షత్రం 13 అంశల 20 కళలు. చంద్రుడు దానిని దాటడానికి సుమారు ఒక దినం పడుతుంది. ఆ దినంలో ఎక్కడ పుట్టినవారైనా, రాశి మారనంతవరకు, కూటములకు సంబంధించినంతవరకు ఒక్కటే. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది. వ్యక్తిని గూర్చి చెప్పవలసినది అక్కడ నుండి మొదలవుతుంది. అందుకే లేఖలో కూటముల తరువాత చక్రాల ప్రస్తావన వచ్చింది. అంకె దగ్గరే ఆగిపోయిన ఫలితం ఎంత నిక్కచ్చిగా కనబడినా సగం పరిశీలన మాత్రమే.

ఇక అసలు ప్రశ్న: నిర్ణయం ఎవరిది? దైవజ్ఞుడు దానిని వధూవరులకు విడిచిపెట్టడం బాధ్యత నుండి తప్పుకోవడం కాదా అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నా సమాధానం ఇది. వివాహంలో ఎవరి కర్తృత్వం ఎక్కడ ఉన్నదో మన ప్రయోగమే చూపుతుంది. కన్యాదాత సంకల్పం చెప్పుకొని కన్యాదానం చేస్తాడు. పురోహితుడు మంత్రం చెప్పిస్తాడు. దైవజ్ఞుడు లగ్నం పెడతాడు. కాని అగ్నికి ఉత్తరంగా ఏడు అడుగులు వేసేవారు ఇద్దరే. ఏడవ అడుగుతో సఖ్యం ఏర్పడేదీ ఆ ఇద్దరి మధ్యనే. మనలో చాలామంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం కన్యావరణ ప్రకరణంలో అనేక లక్షణాలను పరిశీలించమని చెప్పి, చివరకు ఒక మతాన్ని ప్రస్తావిస్తుంది: ఏ కన్యయందు వరుని మనస్సూ చూపూ నిలుస్తాయో ఆమెయందే సమృద్ధి ఉన్నదనీ, తక్కినవాటిని లెక్కచేయనక్కరలేదనీ కొందరి అభిప్రాయం. సూత్రకారుడు దానిని కొందరి మతంగానే చెప్పాడు, ఏకైక సిద్ధాంతంగా చెప్పలేదు. అయినా లక్షణపరీక్షల పక్కనే హృదయసమ్మతికి చోటు ఇచ్చాడు. లేఖ వ్రాసిన దైవజ్ఞుడు చేసినదీ అదే.

పైగా అతడు నిర్ణయాన్ని విడిచిపెట్టాడే గాని వారిని విడిచిపెట్టలేదు. తాను క్రొత్త సంబంధమైతే వద్దని చెప్పేవాడినని దాచకుండా వ్రాశాడు. ఏ ఏ విషయాలు మాట్లాడుకోవాలో చెప్పాడు. సంతానాన్ని గూర్చిన శంకకు వైద్యుని వద్దకు దారి చూపాడు. "మీ ఇష్టం" అని చేతులు దులుపుకోవడానికీ, "తెలుసుకొని మీరే నిర్ణయించుకోండి" అనడానికీ ఉన్న అంతరం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

పిల్లలకు అనుభవం చాలదు, ఇష్టమున్నచోట దోషం కంటికి ఆనదు అనే వాదం ఉన్నది. అందులో కొంత సత్యం లేకపోలేదు. అందుకే బలహీనమైన పొంతనను బలహీనమని మొదటి వాక్యాలలోనే చెప్పాలి. ప్రశంసల మధ్య దాచకూడదు. పెద్దల అనుభవం ఉపయోగపడవలసినది ప్రశ్నలు అడగడంలో. ఉద్యోగం, ఋణాలు, అలవాట్లు, కోపం వచ్చినప్పటి ప్రవర్తన, కుటుంబంలో ఉన్న వ్యాధులు, ఇవి తల్లిదండ్రులు విచారించవలసినవి. వీటిని విచారించడానికి మొహమాటపడి, ఆ భారమంతా నాడీకూటం మీద పెట్టే ఇళ్ళు అనేకం. ఇరవైయెనిమిది గుణాలు కలిశాయని వరుని తాగుడు సంగతి విచారించని తండ్రికి ఏ కూటమూ రక్ష ఇవ్వదు.

లేఖలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది దోషం కలయికలోనిదే గాని ఎవరి జన్మలోనిదీ కాదన్న మాట. పెళ్ళికి ముందు అన్న ఒక్క మాట పెళ్ళి తరువాత ఎన్ని ఏళ్ళు బ్రతికి ఉంటుందో ఆలయంలో కూర్చున్నవారికి తెలుసు. బిడ్డ కలగడం ఆలస్యమైతే "ఆనాడే నాడి కలవలేదన్నారు" అని మొదలవుతుంది. ఆ మాట క్రమంగా "ఆమె నక్షత్రం మంచిది కాదు" అని మారిపోతుంది. ఇద్దరి మధ్య ఉన్నదని చెప్పిన దోషం కోడలి ఒక్కదాని మీదికి చేరుతుంది. నోటిమాటగా చెప్పిన ఫలితం ఇలా రూపం మార్చుకుంటుంది. వ్రాసిన లేఖ మార్చుకోదు. అందుకే పొంతన బాగాలేనప్పుడు ఫలితాన్ని వ్రాతపూర్వకంగానే ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇలాంటి లేఖ మీకు అందితే అది నమ్మదగినదో కాదో మీరే కొంతవరకు పరీక్షించవచ్చు. ఎనిమిది కూటములకూ విడివిడిగా గుణాలు ఉన్నాయా చూడండి. మొత్తం అంకె ఒక్కటే ఇస్తే విడిగా అడగండి. దోషానికి మినహాయింపు ఉన్నదంటే అది ఏ కారణం చేత వర్తిస్తుందో చెప్పమనండి. జన్మనక్షత్రం తెలిసి ఉండగా నామనక్షత్రంతో పొంతన చూశారా అన్నది ముఖ్యంగా గమనించండి. రోహిణికి ఓ, వా, వీ, వూ అక్షరాలు, స్వాతికి రూ, రే, రో, త అక్షరాలు ఉన్నట్లే ప్రతి పాదానికీ ఒక అక్షరం ఉన్నది. జన్మకాలం తెలియనివారికి పేరులోని మొదటి అక్షరం ఆధారంగా చూడడం మన ఆచారం. తెలిసినవారికి, పొంతన కుదరలేదని, వ్యవహారనామం పట్టుకొని అనుకూలమైన నక్షత్రాన్ని తెచ్చుకోవడం లెక్క కాదు, కోరిక. జన్మసమయాన్ని పదినిమిషాలు జరిపి పాదం మార్చడమూ అటువంటిదే.

చివరగా శాంతుల విషయం. ఇది నేను చెప్పవలసిన మాటే, ఎందుకంటే శాంతి చేయించేవారిలో నేనూ ఒకడిని, దక్షిణ ముట్టేదీ నావంటివారికే. శాంతికర్మకు మన సంప్రదాయంలో స్థానం ఉన్నది. అది చేసుకొనేవారి మనస్సుకు స్థైర్యం ఇస్తుంది, దేవతానుగ్రహం కోరుతుంది. కాని పదునాలుగున్నరను పద్ధెనిమిది చేసే కర్మ ఏదీ లేదు. గుణం నక్షత్రాన్ని బట్టి వచ్చేది. నక్షత్రం మారదు కాబట్టి గుణమూ మారదు. బంగారు ప్రతిమ దానం చేస్తేనే వివాహం నిలుస్తుందని ఎవరైనా షరతు పెడితే, ఆ షరతు ఏ గ్రంథంలో ఉన్నదో చూపమని వినయంగా అడగండి. అప్పుచేసి శాంతి చేయించవద్దు. వివాహం నిశ్చయమైన తరువాత, భయంతో కాక భక్తితో, మీ శక్తి మేరకు ఇంటిలోనే నవగ్రహారాధన చేసుకోండి. పొంతన ఎంత ఉన్నదో తెలిసి, మాట్లాడుకొని, ఇష్టపడి ఏడడుగులు వేసినవారికి ఆ ఆరాధన శోభనిస్తుంది.

సర్వే జనాః సుఖినో భవంతు.